జీతం సరే, ఐ-140 ఎక్కడిదాకా వచ్చింది?

అమెరికాలో హెచ్-1బి మీద పనిచేసేవాళ్లు చిన్న ఊరి ఉద్యోగాన్నీ పెద్ద సిటీ ఆఫర్‌నీ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు జీతం, అద్దె లెక్క వేస్తారు. ఆ లెక్క గంటలో తేలిపోతుంది. తేలనిది ఇంకొకటుంది. గ్రీన్ కార్డ్ ప్రాసెస్ ఏ మెట్టు మీద ఉంది, ఆరేళ్ల గడువులో ఎన్ని నెలలు మిగిలాయి? ఒకే ఆఫర్ ఒకరికి మంచి అవకాశం అవుతుంది, ఇంకొకరికి రెండేళ్ల తర్వాత పెట్టే సర్దుకునే పరిస్థితి తెస్తుంది. తేడా అంతా ఈ రెండు విషయాల్లోనే ఉంటుంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. చిన్న ఊళ్లో, రాష్ట్ర ఆదాయపు పన్ను లేని చోట, ఏడాదికి 95,000 డాలర్ల ఐటీ ఉద్యోగం. పని ఐదింటికి అయిపోతుంది. హెచ్-1బిలో 4 ఏళ్ల 2 నెలలు గడిచాయి, ఇంకా 22 నెలలు ఉన్నాయి. గ్రీన్ కార్డ్‌కు మొదటి మెట్టైన లేబర్ సర్టిఫికేషన్, అంటే పర్మ్, కంపెనీ ఫైల్ చేసి ఆరు నెలలైంది. భార్య హెచ్-4 మీద ఉంది, ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. ఇప్పుడు పెద్ద సిటీ నుంచి ఆఫర్ వచ్చింది: జీతం 1,25,000, పైన ఏడాదికి 10,000 విలువైన షేర్లు, వంతులవారీగా రాత్రి ఆన్-కాల్.

ఇప్పుడే మారితే ఏమవుతుంది? పర్మ్ ఉద్యోగికి చెందినది కాదు, కంపెనీది. మనిషి వెళ్లిపోయాక సాధారణంగా కంపెనీ దాన్ని ముందుకు నడపదు. దానితోపాటు గ్రీన్ కార్డ్ వరసలో మన చోటును తేల్చే ప్రయారిటీ డేట్ కూడా పోతుంది, ఎందుకంటే ఆ తేదీ మన పేరున నిలవాలంటే పర్మ్ తర్వాత కంపెనీ వేసే పిటిషన్, అంటే ఐ-140, అప్రూవ్ కావాలి. మనవాళ్ల వరస ఏళ్ల తరబడి సాగేది కాబట్టి ఈ నష్టం చిన్నది కాదు.

అంతకన్నా దగ్గర్లో ఉన్న చిక్కు ఆరేళ్ల గడువు. ఏడో ఏడు పొడిగింపు దొరకాలంటే పర్మ్ గానీ ఐ-140 గానీ ఫైల్ చేసి 365 రోజులు గడిచి ఉండాలి. 22 నెలల్లోంచి 12 తీసేస్తే పది. అంటే కొత్త కంపెనీ పది నెలల్లోపే పర్మ్ ఫైల్ చెయ్యాలి. కానీ ఫైలింగ్‌కు ముందు లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి ప్రివెయిలింగ్ వేజ్ రావాలి, దానికే నెలలు పడుతుంది. ఆ తర్వాత ప్రకటనలు, అభ్యర్థుల పరిశీలన కలిపి కనీసం రెండు నెలలు. చేరిన వారంలో మొదలుపెడితేనే ఇది అందుతుంది. ‘ఏడాది పనిచేశాక గ్రీన్ కార్డ్ మొదలుపెడతాం’ అనే పాలసీ ఉన్న కంపెనీలో అందదు. అమెరికా బయట గడిపిన రోజులను ఆరేళ్లకు తిరిగి కలుపుకోవచ్చు గనుక పాస్‌పోర్ట్ ముద్రలూ బోర్డింగ్ పాసులూ తీసి లెక్కపెట్టుకోవడం మంచిది. ఆరు వారాల సెలవు ఒక్కోసారి ఇక్కడే ఆదుకుంటుంది.

ఆగితే? పర్మ్‌కు ఇంకో పది నెలలు పడుతుందనుకుందాం. ఆ తర్వాత ఐ-140ని ప్రీమియంలో వేస్తే సాధారణంగా 15 పనిదినాల్లో జవాబు వస్తుంది. అప్రూవ్ అయిన రోజు నుంచి ప్రయారిటీ డేట్ మనదే. మోసం, తప్పుడు సమాచారం లాంటి కారణాలతో రద్దు చేస్తే తప్ప పోదు. 180 రోజులు దాటాక పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా, మూడేసి ఏళ్ల పొడిగింపులకు అది పనికొస్తూనే ఉంటుంది. ఆ లోపే వెనక్కి తీసుకుంటే పొడిగింపుకు పనికిరాదు. వెనక్కి తీసుకోవడం ఆ కంపెనీకి అలవాటా కాదా అన్నది హెచ్ఆర్‌ను అడిగితే తేలదు, అక్కడ మానేసి వెళ్లినవాళ్లను అడగాలి. మొత్తం మీద పూర్తి భద్రతకు దాదాపు 17 నెలలు, కొంత రిస్కుతో 11 నెలలు. రెండూ 22లో ఇముడుతున్నాయి.

ఇక డబ్బు. షేర్లకు సాధారణంగా ఏడాది క్లిఫ్ ఉంటుంది, మొదటి ఏడాది చేతికి ఏమీ రాదు. మిగిలింది 30,000. ఒక్క సంపాదన మీద భార్యాభర్తలు కలిపి రిటర్న్ వేస్తే ఆ పెరిగిన మొత్తం మీద ఫెడరల్ పన్ను 12 శాతం శ్లాబులో పడుతుంది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం. సిటీ ఉన్న రాష్ట్రంలో 6 శాతం పన్ను అనుకుంటే, అది పెరిగిన 30,000 మీదే కాదు, మొత్తం 1,25,000 మీదా పడుతుంది. అన్నీ పోగా అదనంగా చేతికొచ్చేది నెలకు దాదాపు 1,380 డాలర్లు. అద్దె 900, పార్కింగూ ఇతర ఖర్చులూ 250 పెరిగాయంటే మిగిలేది 230. ఆ మాత్రానికే రాత్రుళ్లు పేజర్ మోగాలా అని అడిగితే, కొత్త టెక్నాలజీ మీద పని, తర్వాతి ఉద్యోగానికి పెరిగే విలువ అనే జవాబులున్నాయి, అవి తీసిపారేసేవి కావు. కానీ ఐ-140 అప్రూవ్ అయితే భార్య పని అనుమతికి, అంటే హెచ్-4 ఈఏడీకి, దరఖాస్తు చేసుకోవచ్చు. చిన్న ఊరి జీతమే అయినా ఆమె సంపాదన ఈ 230ను సులువుగా దాటుతుంది. ఆమె పని మొదలుపెట్టే రోజును రెండు మూడేళ్లు వెనక్కి నెట్టే ఆఫర్‌ను పెరిగిన జీతం అనడం సరికాదు.

అలాగని చిన్న ఊరి ఉద్యోగం కదలదని కాదు. ఊరికి ఒకే పెద్ద కంపెనీ అయితే, అది లేఆఫ్ చేసిన రోజు రెండో తలుపు ఉండదు. ఉద్యోగం పోయాక దొరికేది గరిష్ఠంగా 60 రోజులు, దేశంలో ఉండే గడువు చూపే ఐ-94 అంతకుముందే ముగిస్తే ఆ తేదీ వరకే. సెవరెన్స్ ఇచ్చినంత మాత్రాన గడువు పెరగదు. ఆ లోపు ఆఫర్ చేతిలో ఉంటే సరిపోదు, కొత్త కంపెనీ పిటిషన్ ఫైల్ అయి ఉండాలి. దానికి ముందు లేబర్ డిపార్ట్‌మెంట్‌లో వేసే ఎల్‌సీఏ దరఖాస్తు సర్టిఫై కావడానికే ఏడు పనిదినాలు. లాయర్ పత్రాల పని కూడా కలిపితే నలభై, నలభై అయిదో రోజుకల్లా ఆఫర్ రావాలి. ఇంటర్వ్యూలకు ఊరు దాటి వెళ్లాల్సినవాళ్లకు ఇది కష్టం, సిటీలో ఉన్నవాళ్లకు కొంత నయం. ఐ-140 చేతికొచ్చాక సిటీ వైపు మొగ్గడానికి ఇదొక్కటే చాలు.

ఆఫర్ ఇచ్చినవాళ్లను ‘వర్క్-లైఫ్ బ్యాలెన్స్ ఎలా ఉంటుంది’ అని అడిగితే బాగుంటుందనే చెబుతారు. ఆన్-కాల్ వంతులో ఎంతమంది ఉన్నారు, గత నెల రాత్రిపూట ఎన్నిసార్లు పేజర్ మోగింది, ఈ ఖాళీ ఎలా వచ్చింది అని అడగాలి. నలుగురే ఉంటే నెలకో వారం నిద్ర లేనట్టే. గ్రీన్ కార్డ్ విషయం మాత్రం ఏ నెలలో మొదలుపెడతారో మెయిల్‌లో రాయించుకోవాలి. రిక్రూటర్ ఫోన్‌లో చెప్పిన మాట ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. సైన్-ఆన్ బోనస్ ఉంటే ఏడాదిలోపు మానేస్తే ఎంత తిరిగి కట్టాలో చదవాలి. పన్ను పోగా వచ్చింది కాకుండా మొత్తం అడిగే కాంట్రాక్టులున్నాయి.

యూనివర్సిటీలోనో, దానికి అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలోనో పనిచేసేవాళ్లు వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. వాళ్ల హెచ్-1బి చాలాసార్లు ఏటా ఇచ్చే వీసాల సంఖ్యకున్న పరిమితికి, అంటే క్యాప్‌కు, బయట ఇచ్చినది. ఇంతకుముందు ఎప్పుడూ లాటరీలో ఎంపికై ఉండకపోతే ప్రైవేటు కంపెనీకి మామూలుగా ట్రాన్స్‌ఫర్ కుదరదు. మార్చిలో లాటరీకి రిజిస్టర్ చేసి, ఎంపికైతే అక్టోబర్ 1 నుంచి చేరాలి. ఈ సంగతి తెలియకుండా రాజీనామా ఇచ్చేవాళ్లు ఉన్నారు. మామూలు ట్రాన్స్‌ఫర్‌లో కూడా రసీదు రాగానే చేరడానికి చట్టం ఒప్పుకుంటుంది. కానీ పిటిషన్ తిరస్కరిస్తే అప్పటికే పాత ఉద్యోగం వదిలేసి ఉంటాం. అందుకే ప్రీమియంలో వేయించి, అప్రూవల్ చూశాకే నోటీసు ఇచ్చి, చేరే తేదీని దాన్నిబట్టి పెట్టించుకోవాలి. రెండు మూడు వారాలు ఆగలేని కంపెనీ అయితే, ఆన్-కాల్ గురించి అది చెప్పిన మాటలు కూడా ఇంకోసారి సరిచూసుకోవాలి.