బొటనవేలు, కొంగు, మా పాప నిద్ర

మా పాపకి మూడో నెల నుంచీ కుడి బొటనవేలే జోలపాట. ఆ వేలు నోట్లో, ఎడమ చేతిలో నా పాత నేతచీర కొంగు. అయిదు నిమిషాల్లో నిద్రపోయేది. బెంగళూరు మారతహళ్ళిలో ఇద్దరం ఉద్యోగాలు చేసుకుంటూ పెంచుతున్నాం, రాత్రిళ్ళు ఏడిపించని బిడ్డ అని సంతోషపడ్డాను.

రెండేళ్ళప్పుడు పిల్లల డాక్టరుని అడిగాను. కడుపులో ఉండగానే చీకడం మొదలవుతుందనీ, చాలామంది రెండేళ్ళకీ నాలుగేళ్ళకీ మధ్య వాళ్ళంతట వాళ్ళే మానేస్తారనీ, అప్పటిదాకా కదపొద్దనీ చెప్పారు. ఆ మాట విన్నందుకు ఇప్పటికీ నాకు బాధ లేదు.

నాలుగున్నర దాటాక మాత్రం కొన్ని కంటపడ్డాయి. నిద్రలో కూడా చప్ చప్ మని చప్పుడు వచ్చేది. వేలి కణుపు మీద చర్మం మొద్దుబారి కాయ కాసింది. అన్నిటికంటే నన్ను భయపెట్టింది దోసె. ముందు పళ్ళతో కొరికితే ముక్క తెగేది కాదు, పక్కకి పెట్టుకుని లాగేది.

అప్పటికి నెల్లూరు నుంచి అత్తయ్య వచ్చి ఉన్నారు. "వేపాకు నూరి పట్టించమ్మా, రెండు రోజుల్లో మానేస్తుంది" అన్నారు. పట్టించాను. పాప అదే చేత్తో కళ్ళు నులుముకుని మంటతో గంటసేపు ఏడ్చింది. ఆ రాత్రి ఎడమ బొటనవేలు నోట్లో పెట్టుకుంది. ఊరట కోసం వేలు చీకే బిడ్డకి ఏడుపు తెప్పిస్తే ఇంకా గట్టిగా చీకుతుందని అప్పుడు అర్థమైంది. తిట్టినా అంతే.

పిల్లల పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. వెనక పళ్ళు కరిచిపట్టమని పెదవులు పక్కకి తీసి చూశారు. ముందువైపు పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య సుమారు మూడు మిల్లీమీటర్ల సందు, అందులోంచి నాలుక కొన కనిపిస్తోంది. పై దవడ ఇరుకైందేమో, పక్కపళ్ళు తిరగబడి కలుస్తున్నాయేమో కూడా చూశారు. మాకు ఆ ఇబ్బంది లేదు. ఆమె అడిగిన ప్రశ్నలు మూడే. రోజుకి ఎంతసేపు? చప్పుడు వస్తుందా? నిద్ర పట్టాక వేలు దానంతటది జారిపోతుందా? వేలు ఊరికే నోట్లో ఆనించుకునే పిల్లలకి పెద్దగా ఏమీ కాదట. గట్టిగా పీలుస్తూ, రాత్రంతా గంటల తరబడి ఉంటేనే పళ్ళు జరుగుతాయి. మా పాపది రెండో రకం. ఆరేళ్ళకి అటూ ఇటూగా కొత్త ముందుపళ్ళు వస్తాయి కాబట్టి, ఆలోగా మానితే ఈ సందు చాలావరకు తనంతట మూసుకుంటుందన్నారు. వేలు చీకనివ్వకుండా అంగిట్లో అమర్చే తీగ ఇప్పుడే వద్దన్నారు. పాపకి అద్దం ఇచ్చి ఆ సందు తననే చూసుకోమన్నారు. మానేద్దామా అంటే పాప తలూపింది.

మొదట మేం మాయం చేసింది వేలుని కాదు, కొంగుని. ఆ గుడ్డ చేతికి తగలగానే వేలు నోట్లోకి వెళ్ళిపోయేది. పాపే దాన్ని మడిచి బీరువాలో పెట్టింది. పడుకునే వేళ పది నుంచి ఎనిమిదిన్నరకి తెచ్చాం, బాగా అలిసిన రోజే చీకడం ఎక్కువ. కథ చెప్తున్నంతసేపూ ఆ కుడి చెయ్యి నా చేతిలో ఉండేది. నిద్రలో తెలియకుండా వెళ్ళిపోయే వేలికి డాక్టరమ్మ చెప్పినట్టే మోచేతికి సాగే కట్టు వదులుగా చుట్టాం. చెయ్యి మడిచినప్పుడు కాస్త పట్టేసినట్టై వేలు జారిపోతుంది. కట్టు కింద రెండు వేళ్ళు దూరాలి, వేళ్ళు చల్లబడినా రంగు మారినా వెంటనే విప్పెయ్యాలి. మధ్యమధ్యలో లేచి చూసేదాన్ని.

మొదటి మూడు రాత్రులు నిద్ర పట్టడానికి గంట పైనే పట్టింది. నాలుగో రాత్రి, "అమ్మా, కొంగు ఒక్కసారి ఇవ్వవా" అని అడిగితే నాకే గుండె కరిగింది. ఇవ్వలేదు, పక్కనే పడుకుని వీపు నిమిరాను. చీకని రాత్రికి క్యాలెండర్ మీద చందమామ స్టిక్కర్ అతికించేది. మొదటి వారం రెండే, మూడో వారానికి ఆరు. తర్వాత జ్వరం వచ్చి నాలుగు రాత్రులు మళ్ళీ చీకింది. ఏమీ అనలేదు, జ్వరం తగ్గాక మళ్ళీ మొదలుపెట్టాం. రెండు నెలలకి కట్టు అవసరం లేకపోయింది.

ఆర్నెల్లకి చూపిస్తే సందు సగానికి తగ్గింది. మింగేటప్పుడు నాలుక ఇంకా ముందుకి తోస్తోందట, అది గమనిస్తూ ఉండమన్నారు. దోసె ఇప్పుడు ముందు పళ్ళతోనే తెగుతోంది.

మా బాబుకి ఎనిమిది నెలలు. వాడికి రెండు వేళ్ళ అలవాటు. మొన్న అత్తయ్య ఫోన్లో, "వీడికీ ఏమైనా చెయ్యాలా అమ్మా?" అని అడిగారు. "ఇప్పుడేం వద్దు అత్తయ్యా, చీకనివ్వండి" అన్నాను.