పెల్లెట్‌లోంచి ప్రొటీన్ బయటపడేదాకా

పీహెచ్‌డీ మూడో ఏడాదిలో నాకు ఒక యాంటీబాడీ ముక్క కావాల్సి వచ్చింది. ఎస్‌సీఎఫ్‌వీ అంటాం. సుమారు 28 కిలోడాల్టన్లు ఉంటుంది, లోపల సిస్టీన్లను జతకలిపే రెండు డైసల్ఫైడ్ బంధాలు. దాని జీన్‌ని ఈ.కోలైలో పెట్టి, 37 డిగ్రీల దగ్గర జీన్‌ని పనిలోకి దింపే ఐపీటీజీ 1 మిల్లీమోలార్ వేశాను. జెల్ చూస్తే లావుపాటి బ్యాండ్. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. శబ్దతరంగాలతో కణాలను పగలగొట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే బ్యాండంతా అడుగున పెల్లెట్‌లో కూర్చుంది, పైన తేటలో ఏమీ లేదు.

బాక్టీరియా సైటోప్లాజంలో డైసల్ఫైడ్ బంధాలు నిలవవు. పైగా ప్రొటీన్ మడతపడే వేగం కంటే తయారయ్యే వేగం ఎక్కువ. సగం మడతపడినవి ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి. అవే ఇన్‌క్లూజన్ బాడీలు. ఐపీటీజీ 0.1కి తగ్గించి, 18 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచి చూశాను. తేటలో కనీకనబడని గీత ఒకటి వచ్చింది, అంతే.

మా ల్యాబ్‌లో సీనియర్ అక్క జెల్ చూసి, "పెల్లెట్‌ని ఎందుకు తిట్టుకుంటావు? అందులో ఎక్కువ భాగం నీ ప్రొటీనే కదా. శుభ్రంగా కడుగు, సగం పని అయిపోతుంది" అంది. సబ్బులాంటి ట్రైటాన్ ఎక్స్-100 ఒక శాతం ఉన్న బఫర్‌తో రెండుసార్లు, ట్రైటాన్ లేకుండా ఒకసారి కడిగాను. మట్టిరంగు పెల్లెట్ తడి సున్నంలా తెల్లబడింది. దాన్ని 6 మోలార్ గ్వానిడిన్, 50 మిల్లీమోలార్ డీటీటీ ఉన్న పీహెచ్ 8 బఫర్‌లో రెండు గంటలు తిప్పితే తేటగా కరిగింది. గ్వానిడిన్ మడతలు విప్పుతుంది, డీటీటీ తప్పుగా పడిన డైసల్ఫైడ్లను తెంచుతుంది. ఈ శాంపిల్‌ని నేరుగా జెల్ మీద వేయబోయి భంగపడ్డాను. గ్వానిడిన్, జెల్ శాంపిల్‌లో వేసే ఎస్‌డీఎస్ కలిస్తే ట్యూబులోనే తెల్లగా గడ్డకడుతుంది. ముందు ఇథనాల్‌తో ప్రొటీన్‌ని దింపి, కడిగి వేయాలి.

అసలు కష్టం ప్రొటీన్‌ని మళ్లీ మడతపెట్టే రీఫోల్డింగ్‌లో మొదలైంది. అందరూ చేసేదే కదా అని, పొర గుండా మెల్లగా బఫర్ మార్చే డయాలసిస్ పెట్టాను. గ్వానిడిన్ 4 మోలార్, తర్వాత 2, చివరికి సున్నా. పొద్దున చూస్తే ట్యూబులో విరిగిన పాలు. మెల్లగా తగ్గిస్తే మంచిదనుకున్నాను కానీ, నా ప్రొటీన్‌కి ఆ మధ్య దశే గండం. సగం విప్పుకుని, సగం మడతపడి, జిగురు భాగాలు బయటపెట్టుకుని ఉంటుంది. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున కిక్కిరిసి ఉంటే పక్కదానికి అతుక్కోక ఏం చేస్తుంది?

ఈసారి పలచన చేసే పద్ధతి పట్టుకున్నాను. లీటరు బఫర్: పీహెచ్ 8.5 ట్రిస్, ముద్దకట్టకుండా ఆపడానికి అర మోలార్ అర్జినైన్, డైసల్ఫైడ్లు సరిగ్గా కుదిరేందుకు 2 మిల్లీమోలార్ రెడ్యూస్డ్ గ్లూటాథయోన్, 0.2 ఆక్సిడైజ్డ్ గ్లూటాథయోన్. అర్జినైన్ వేశాక పీహెచ్ మళ్లీ చూసుకోవాలి, బాగా మారిపోతుంది. కోల్డ్ రూములో బఫర్ తిరుగుతుండగా, మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము గాఢత ఉన్న ప్రొటీన్ పది మిల్లీలీటర్లని పది వాయిదాల్లో, గంటకోసారి, బొట్టుబొట్టుగా వదిలాను. ఒక వాయిదా మడతపడ్డాకే ఇంకోటి వెళ్లాలని. అంతా అద్దంలా తేటగా ఉంది.

తేటగా ఉంటే మడతపడినట్టు కాదని రెండు రోజుల తర్వాత తెలిసింది. డీటీటీ కలిపి ఒకటి, కలపకుండా ఒకటి జెల్ మీద వేస్తే రెండు బ్యాండ్లూ ఒకే ఎత్తులో నిలిచాయి. లోపలి బంధాలు కుదిరితే కలపనిది గట్టిగా ముడుచుకుని కాస్త కిందికి జారాలి. కాగితం తీసి లెక్క వేసుకున్నాను. 50 మిల్లీమోలార్ డీటీటీ వందరెట్లు పలచబడితే 0.5. నేను వేసిన ఆక్సిడైజ్డ్ గ్లూటాథయోన్ 0.2. డీటీటీ దాన్ని పూర్తిగా మింగేసి, ఇంకా మిగిలింది కూడా. తలబాదుకున్నాను.

మళ్లీ మొదటికొచ్చి, కరిగించిన ప్రొటీన్‌ని పీహెచ్ 4కి దించి, 6 మోలార్ గ్వానిడిన్‌లోనే, డీటీటీ లేకుండా డయాలసిస్ చేశాను. ఆ పీహెచ్‌లో సిస్టీన్లు తమంతట తాము తొందరగా జతకట్టవు. తర్వాత పలచన చేస్తే, ఈసారి బ్యాండ్ కిందికి జారింది. తేడా చిన్నదే, స్కేలు పెట్టి చూశాను.

గాఢత పెంచి, సైజు ప్రకారం విడదీసి పెద్దవాటిని ముందు వదిలే జెల్ ఫిల్ట్రేషన్ కాలమ్‌లో నడిపితే రెండు శిఖరాలు. మొదటిది కాలమ్ మొదట్లోనే వచ్చేసింది. అంటే అది కంటికి కనబడకుండా కరిగే ఉన్న ముద్ద. రెండోది 28 దగ్గర. 10 మిల్లీగ్రాములు మొదలుపెడితే చేతికొచ్చింది 2. ఆ రెండు శిఖరాలనీ, అతుక్కుంటే రంగు చూపించే ఎలైసాలో యాంటిజెన్ మీద పెట్టాను. రెండో శిఖరం బావుల్లోనే పసుపు రంగు తేలింది.

మరుసటి వారం బఫర్ రెండు లీటర్లు చేసి గాఢత సగానికి తగ్గించాను. మొదటి శిఖరం కుంగింది, దిగుబడి 3 దాటింది. కాకపోతే ఆ రెండు లీటర్లని చిక్కబరచడానికి స్వెటర్ వేసుకుని కోల్డ్ రూములో ఒక పూటంతా నిలబడాల్సి వచ్చింది.