మిక్సర్ పని: రెండు ఛానళ్లు కలిసే పిన్ను దగ్గర సున్నా వోల్టులు

బతుకమ్మ నాటికి మా నల్లగొండ బజార్లో మైకు, ఫోను పాటలు రెండూ ఒకే యాంప్లిఫయర్‌లోకి పోవాలి. అందుకే చిన్న మిక్సర్ కడుతున్న. కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెచ్చిన 741 ఆప్-ఆంప్ ఐసీ, రెండు 9 వోల్టుల బ్యాటరీలు బ్రెడ్‌బోర్డు మీద ఉన్నయి. పాట పెట్టకముందు డీసీతోనే లెక్క సరిచూస్తున్న.

మూడో పిన్ను గ్రౌండుకు పోయింది. రెండో పిన్నుకు రెండు 10కె రెసిస్టర్లు వస్తయి, అక్కడి నుంచి అవుట్‌పుట్ ఆరో పిన్నుకు 47కె. ఒక ఛానల్‌కు 0.5, రెండోదానికి 0.3 వోల్టులు ఇచ్చిన. రెండో పిన్ను మీద మీటరు ఒకటి రెండు మిల్లీవోల్టులు దాటలేదు. గ్రౌండుకు వైరు లేకున్నా అక్కడ సున్నా ఉందంటే, అవుట్‌పుట్ 47కె ద్వారా దాన్ని అక్కడే పట్టి ఉంచుతున్నది. దీన్నే వర్చువల్ షార్ట్ అంటరు. కాబట్టి మొదటి రెసిస్టర్‌లో 50, రెండోదాంట్లో 30 మైక్రోఆంపియర్లు. పిన్ను లోపలికి కరెంటు దాదాపు పోదు కనుక మొత్తం 80 మైక్రోఆంపియర్లూ 47కె లోంచే పోవాలి:

```
Vout = -Rf × (V1/R1 + V2/R2)
     = -47k × 80µA = -3.76 V
```

మీటరు 3.7 దగ్గరే చూపింది. ఒక నాబు తిప్పినా రెండో ఛానల్ కదలదు. కలిసే చోట వోల్టేజీ లేదు కాబట్టి ఒకదాని కరెంటు రెండోదాంట్లోకి మళ్లదు. ఉత్త రెసిస్టర్లతో కలిపితే ఈ సుఖం ఉండదు.

ఒకటి బాగా గుర్తుపెట్టుకోవాలె: ఇన్‌పుట్ ఇంపెడెన్స్ అనంతం అన్నది పిన్నుకే, మన సర్క్యూట్‌కు కాదు. పిన్ను సున్నా దగ్గర ఉంది కనుక ముందున్న సోర్సుకు కనబడేది సరిగ్గా 10కె. 1.5 వోల్టుల సెల్లుకు 10కె పాట్ కట్టి నాబు సగానికి పెడితే 0.75 వస్తది, రెసిస్టర్ తగిలించంగనే 0.60కి పడిపోతది. 1కె పాట్ వాడితే ఆ పడటం చాలా తక్కువ. ఏదైనా అన్నీ తగిలించినంకనే నాబు వోల్టేజీ కొలవాలె.

తర్వాత రెండు ఛానళ్లనూ 1 వోల్టుకు పెంచిన. లెక్క ప్రకారం −9.4 రావాలె, కానీ 9 వోల్టుల బ్యాటరీతో అది రాదు, అవుట్‌పుట్ −7.5 దగ్గర ఆగిపోయింది. అప్పుడు రెండో పిన్ను 0.18 వోల్టులకు లేచింది. అవుట్‌పుట్‌కు ఇంక లాగే శక్తి లేకపోతే వర్చువల్ షార్ట్ పోయినట్టే. పాటలో గరగర వినబడితే నేను ముందు చూసేది ఈ పిన్నునే.

ఇక ఆడియోకు 47కె తీసి 10కె పెడుతున్న, గెయిన్ ఒకటి చాలు. ప్రతి ఇన్‌పుట్‌కు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసలో వస్తది. 10కె తో కలిసి 16 హెర్ట్జ్ కిందివి మాత్రమే తగ్గుతయి, డప్పు మోతకు ఏమీ కాదు.