ఉతికినా పోని సాక్సుల కంపు: నా అనుభవం

తిరుపతిలో వాటర్ ఫిల్టర్ల సర్వీసు పని నాది. రోజుకు ఏడెనిమిది ఇళ్లు తిరగాలి, ప్రతి గడప దగ్గరా బూట్లు విప్పాలి. పోయిన వేసవిలో కొర్లగుంటలో ఒక పెద్దావిడ నేను వంటగదిలో అడుగు పెట్టగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నాయనా, కాళ్లు కడుక్కుని రాప్పా" అంది. ఆ పొద్దున వేసుకున్నవి ఉతికిన సాక్సులే. చాలా బాధేసింది.

ఆ రాత్రి ఉతికి ఆరేసిన సాక్సును వాసన చూశాను, ఏమీ లేదు. అదే సాక్సు మీద కాసిన్ని గోరువెచ్చని నీళ్లు చల్లి మళ్లీ చూస్తే, పుల్లటి కంపు గుప్పుమంది. అంటే మురికి పోయింది గానీ క్రిములు పోలేదు. చెమటకు దాదాపు వాసన ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా చెమటలో ఉండే అమైనో ఆమ్లమైన ల్యూసిన్‌ను విరగ్గొట్టి ఐసోవాలరిక్ ఆమ్లం తయారు చేస్తుంది, కంపు ప్రధానంగా దానిదే. నావన్నీ పాలిస్టర్ సాక్సులు. ఆ దారానికి చర్మపు జిడ్డు పట్టుకుంటే చన్నీళ్లకు సరిగా వదలదు.

అప్పటి నుంచి సాక్సులు లోపలి వైపు బయటికి తిప్పి, 60 డిగ్రీల నీళ్లలో, అంటే చెయ్యి పెట్టలేనంత వేడిలో, సర్ఫ్ వేసి అరగంట నానబెడుతున్నాను. కంఫర్ట్ లాంటి లిక్విడ్ మానేశాను, దాని పొర దారం మీద మిగిలిపోతుంది. ఇలా చేస్తే సాగే పట్టీ త్వరగా వదులవుతుంది, అది తప్పదు. కొత్తవి కొన్నప్పుడు కాటన్ ఎక్కువున్నవి తీసుకున్నాను.

అయినా సాయంత్రానికి మళ్లీ కంపే. అసలు గూడు బూట్లలో ఉంది. లోపలి అట్ట ఊడదీసి చూస్తే వేళ్ల కింద నల్లగా, జిగటగా ఉంది. వంట సోడా చల్లితే ఆమ్లం విరిగి ఒక రోజు వాసన తగ్గింది, మరుసటి రోజు మామూలే. అట్టలు కొత్తవి వేసి, రెండో జత బూట్లు కొన్నాను. ఒక జత రోజు మార్చి రోజు వేసుకుంటున్నాను. విప్పగానే అట్ట బయటికి తీసి, బూట్లలో పాత పేపరు కుక్కి, పడుకునే ముందు ఆ తడి పేపరు మారుస్తాను. పొద్దున లోపల వేళ్లు పెట్టి చూస్తే చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

ఇంత చేసినా కొంచెం మిగిలింది. స్నానం చేశాక అరికాలు చూసుకుంటే మడమ మీద తెల్లగా నాని, గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. చర్మ డాక్టర్ చూడగానే, "ఇది పిట్టెడ్ కెరటోలైసిస్. బ్యాక్టీరియా పైచర్మాన్ని తింటోంది, సబ్బుతో పోదు" అని యాంటీబయాటిక్ లోషన్ రాశారు. రాసుకునే ముందు వేళ్ల సందులు కూడా బాగా ఆర్చుకోమన్నారు. మూడు వారాలకు గుంటలు పూడాయి, కంపు తగ్గింది.

నవంబరు వానల్లో ఒకసారి తడి బూట్లతోనే రెండు రోజులు తిరిగాను, మడమ మళ్లీ తెల్లబడింది. ఇప్పుడు బండి డిక్కీలో ఇంకో జత సాక్సులు పెట్టుకుని, మధ్యాహ్నం అన్నం తిన్నాక మార్చేస్తున్నాను.