బ్రేకు తొక్కినా కదలని గేరు రాడ్డు: తిరుమల పార్కింగులో నా అనుభవం

ఆటోమేటిక్ కారులో గేరు రాడ్డు పార్కింగ్ గుర్తు ‘పి’ దగ్గరే బిగుసుకుపోతే ఎవరికైనా మొదట గేర్‌బాక్సు మీదికే అనుమానం పోతుంది. వేలల్లో ఖర్చు కళ్ల ముందు ఆడుతుంది. మా కారుకు ఆ తెగులు వచ్చినప్పుడు కారణం గేర్‌బాక్సు దరిదాపుల్లో కూడా లేదు. బ్రేకు పెడలుకు పైన, డ్యాష్‌బోర్డు కింద చీకట్లో ఉండే బొటనవేలంత స్విచ్చులో ఉంది. ఆ సంగతి తేలేలోపు తిరుమల పార్కింగులో మాకు పొద్దెక్కిపోయింది.

దర్శనం చేసుకుని, లడ్డూలు తీసుకుని, అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పాను. ఇంజను మామూలుగానే స్టార్టయింది. బ్రేకు మీద కాలు పెట్టి రాడ్డు మీది మీట నొక్కితే అది లోపలికి దిగలేదు. మీటరు మధ్యలోని తెరమీద Shift lock. Press brake pedal అని వచ్చింది. బ్రేకు తొక్కే ఉన్నాను. ఇంకా గట్టిగా తొక్కాను. తెరమీది మాట మారలేదు. సర్వీసు సెంటరుకు ఫోను చేస్తే, రాడ్డు అసెంబ్లీ మొత్తం మార్చాల్సి రావచ్చు, బండిని లాగించుకుని రండి అన్నారు. కొండ మీద నుంచి కారును లాగించడం అంటే ఏమిటో ఆ కుర్చీలో కూర్చున్నవారికి తెలియదనుకుంటాను.

పక్క వరుసలో చిత్తూరు నుంచి యాత్రికులను తెచ్చిన వ్యాన్ డ్రైవరు మా అవస్థ చూసి వచ్చాడు. “సార్, రాడ్డును వదిలేయండి. బ్రేకు తొక్కండి, నేను వెనక లైట్లు చూస్తాను” అన్నాడు. తొక్కాను. “ఒక్కటీ వెలగడం లేదు సార్, అద్దం మీది లైటు కూడా” అన్నాడు. సగం రోగం అక్కడే తెలిసిపోయింది.

మన కాలు బ్రేకు మీద ఉందో లేదో కారుకు తెలిసే దారి ఒక్కటే. పెడలు చేతికి పైన ఒక చిన్న స్విచ్చు ఉంటుంది. పెడలు పైకి లేచి ఉన్నంతసేపూ దాని పుల్లను లోపలికి నొక్కి ఉంచుతుంది, కరెంటు తెగి ఉంటుంది. తొక్కగానే పెడలు చేయి పక్కకు జరుగుతుంది, పుల్ల బయటికి వస్తుంది, కరెంటు కలుస్తుంది. వెనక బ్రేకు లైట్లు వెలిగేది దాంతోనే. అదే కబురు రాడ్డు దగ్గరికి కూడా వెళుతుంది. అక్కడ సోలినాయిడ్ అనే చిన్న విద్యుదయస్కాంతం ఒక మేకును పక్కకు లాగుతుంది, అప్పుడు ‘టిక్’ మని సన్నగా వినిపిస్తుంది, మీట దిగుతుంది. స్విచ్చు పని చేయకపోతే మనం పెడలును నేలకు తొక్కినా కారు లెక్కలో తొక్కనట్లే. బ్రేకులు మాత్రం మామూలుగానే పడతాయి, ఎందుకంటే అవి నూనె ఒత్తిడితో పని చేసేవి, ఈ స్విచ్చుతో వాటికి సంబంధం లేదు.

రాడ్డుకు ఈ తాళం ఊరికే పెట్టింది కాదు. 1980ల్లో అమెరికాలో ఆడి కంపెనీ ‘5000’ మోడలు కార్లు ఉన్నట్టుండి దూసుకుపోతున్నాయని పెద్ద గొడవ జరిగింది. 1987లో ఆ కంపెనీ బళ్లను వెనక్కి పిలిపించి, బ్రేకు తొక్కితే తప్ప రాడ్డు ‘పి’ దాటకుండా ఈ ఏర్పాటు పెట్టింది. అక్కడి ప్రభుత్వ సంస్థ 1989లో తేల్చింది ఏమిటంటే, చాలా సందర్భాల్లో డ్రైవర్లు బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కారని. 2010 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే కార్లలో ఇది తప్పనిసరి అయింది. తాళం ఉన్నది మన మంచికే, కానీ ఆ పూట నాకు అది ఏమంత మంచిగా కనిపించలేదు.

డ్రైవరు తరువాత అడిగింది హారన్. మా కారు ఫ్యూజుల పెట్టె మూత వెనక బొమ్మలో హారన్‌కూ బ్రేకు లైట్లకూ ఒకటే ఫ్యూజు రాసి ఉంది. హారన్ మోగింది కాబట్టి ఫ్యూజు బాగానే ఉంది. అన్ని కార్లలో ఈ రెండూ కలిసి ఉండవు, మూత మీది బొమ్మ చూసుకోవాల్సిందే. బల్బులు పోయాయేమో అనుకోవడానికి వీల్లేదు, మూడూ ఒకేసారి పోవడం జరిగే పని కాదు. ఒకవేళ ఒక బల్బు పోయినా రాడ్డు ఆగదు. ఇక మిగిలింది స్విచ్చు, దానికి వచ్చే వైర్లు.

ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, చెవి రాడ్డు దగ్గర పెట్టి బ్రేకు తొక్కించాను. ‘టిక్’ లేదు. ఈ చప్పుడు చాలా విషయం చెబుతుంది. లైట్లు వెలిగి ‘టిక్’ రాకపోతే స్విచ్చు మంచిదే, చూడాల్సింది సోలినాయిడ్‌నూ దాని వైర్లనూ. బ్యాటరీ బాగా నీరసించినా సోలినాయిడ్ లాగలేదు. లైట్లూ వెలిగి, ‘టిక్’ కూడా వచ్చి, అయినా రాడ్డు కదలకపోతే అది కరెంటు సంగతి కాదు, మీట లోపలి ప్లాస్టిక్ ముక్కో, కేబులో విరిగి ఉంటుంది. మాకు రెండూ లేవు కనుక దారి నేరుగా స్విచ్చు దగ్గరికే పోయింది.

బండిని ముందు ‘పి’ నుంచి తీయడానికి కారులోనే ఒక ఉపాయం ఉంటుంది. రాడ్డు పక్కన గోరంత మూత. దాన్ని పైకి లేపితే సన్నటి కన్నం కనిపిస్తుంది. హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి, ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, పాదం బ్రేకు మీదే పెట్టి, సన్నటి స్క్రూడ్రైవరు కొనను ఆ కన్నంలో దింపి నొక్కి పట్టుకుంటే మీట దిగుతుంది. రాడ్డును న్యూట్రల్ గుర్తు ‘ఎన్’ దాకా లాగాలి. హ్యాండ్ బ్రేకు మరిచిపోతే, వాలు నేల మీద బండి తనంతట తానే బయలుదేరుతుంది, ఆ జాగ్రత్త మాత్రం మానకూడదు. మా మూత గీత పడకుండా లేవడానికి అమ్మ తలలోని పిన్ను ఇచ్చింది.

రాడ్డు కదిలింది. నాకు ప్రాణం లేచి వచ్చింది, డ్రైవరుకు రాలేదు. “రాడ్డు వచ్చింది కానీ లైట్లు రాలేదు కదా సార్. ఘాట్ రోడ్డులో మీరు బ్రేకు వేస్తే వెనకవాడికి ఎలా తెలుస్తుంది?” అన్నాడు. నిజమే. ఈ తాళాన్ని దాటించే చిట్కా చెప్పేవారు ఎక్కువమందే ఉంటారు, ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. దిగే దారి పాత ఘాట్ రోడ్డు. మలుపు మలుపుకూ బ్రేకు పడుతుంది, వెనక బస్సులు అంటుకునే వస్తాయి.

కనెక్టరు ఊడదీసి రెండు వైర్లను ముక్క తీగతో కలిపేస్తే లైట్లు వెలుగుతాయి, రాడ్డూ కదులుతుంది. ఆ మాట అక్కడ చేరినవారిలో ఒకరు అన్నారు. కానీ అప్పుడు లైట్లు ఆరవు. కిందిదాకా వెలుగుతూనే ఉండే లైటు వెనకవాడికి ఏమీ చెప్పదు. పైగా తాళం పూర్తిగా చచ్చినట్టే, బ్రేకు తొక్కకపోయినా రాడ్డు వచ్చేస్తుంది. డ్రైవరు దానికి ఒప్పుకోలేదు. ఫోను లైటుతో పెడలు కిందకి తల దూర్చి, స్విచ్చు పుల్లను వేలితో పదేపదే నొక్కి వదిలాడు. లోపలి రాగి పలకల మీది మసి కాస్త రాలిందేమో, లైట్లు వెలిగాయి, ‘టిక్’ వినిపించింది. అది బాగుపడటం కాదు, మళ్లీ ఎప్పుడైనా ఆగిపోవచ్చని తనే చెప్పాడు. అందుకే తన వ్యాన్‌ను మా వెనకే పెట్టుకుని దిగాడు, లైటు ఆగితే హారన్ కొట్టాలన్నది ఒప్పందం. నేను రాడ్డును తక్కువ గేరు ‘ఎల్’లో ఉంచి ఇంజను పట్టు మీదే ఎక్కువగా దిగాను. అలిపిరి చేరేవరకు హారన్ వినిపించలేదు.

రేణిగుంట రోడ్డులో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లేసరికి స్విచ్చు మళ్లీ మొండికేసింది. ఒకందుకు మంచిదే, తెగులు కళ్ల ముందు ఉంటేనే పట్టుకోవచ్చు. అతను కనెక్టరు తీసి మీటరు పెట్టాడు. ఒక వైరులో 12 వోల్టుల పైన నిలకడగా ఉంది, అంటే ఫ్యూజు నుంచి కరెంటు స్విచ్చు దాకా వస్తోంది. స్విచ్చు రెండు కాళ్ల మధ్య మీటరు పెట్టి పుల్లను వదిలితే ‘బీప్’ రావాలి, రాలేదు. వైర్ల మీద అనుమానం అంతటితో పోయింది. కొన్ని కార్లలో ఈ స్విచ్చుకు నాలుగు వైర్లు ఉంటాయి, రెండో జత ఇంజను కంప్యూటరుకు వెళుతుంది, అది బ్రేకు లైట్ల జతకు తలకిందులుగా పని చేస్తుంది.

పాత స్విచ్చును అతను నా ముందే విప్పాడు. లోపలి పలకల అంచు నల్లగా కాలి, చిన్న గుంట పడి ఉంది. మా కారులో బ్రేకు బల్బులు ఒక్కోటి 21 వాట్లు, రెండింటికీ కలిపి మూడున్నర ఆంపియర్ల దాకా కరెంటు ఈ పలకల గుండానే పోతుంది. బ్రేకు తొక్కి వదిలిన ప్రతిసారీ వాటి మధ్య సన్నటి నిప్పు రవ్వ. తిరుపతి సిగ్నళ్లలో రోజూ తిరిగే బండికి ఏళ్ల తరబడి అదే జరిగితే కాలక ఏం చేస్తుంది? ఎల్ఈడీ లైట్లున్న కార్లలో ఈ భారం బాగా తక్కువ.

కొత్త స్విచ్చు వెల వందల్లోనే, అసెంబ్లీ ఊసే రాలేదు. బిగించడంలో మాత్రం ఓపిక కావాలి. మాది మర పేచు ఉన్న రకం, స్విచ్చు ముఖానికీ పెడలు చేతి మీది ప్లాస్టిక్ మెత్తకూ మధ్య 1 మిల్లీమీటరు సందు పెట్టి నట్టు బిగించాడు. మరీ దూరం జరిపితే పుల్ల పూర్తిగా నొక్కుకోక లైట్లు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. మరీ దగ్గర పెడితే పెడలు పూర్తిగా పైకి రాక బ్రేకులు రాసుకుంటాయి, లైట్లు ఆలస్యంగా వెలుగుతాయి. పెడలు మీది ఆ మెత్త పెళుసెక్కి రాలిపోయినా లైట్లు ఆరవు, అప్పుడు స్విచ్చు మార్చినా ప్రయోజనం ఉండదు. నేల మీద ప్లాస్టిక్ పొడి కనిపిస్తే అదేనని అతను చెప్పాడు.

వాలులో ఆపిన కారులో రాడ్డు బరువుగా, ‘ఠప్’ మని రావడం దీంతో కలిపి చూడకూడదు. అక్కడ గేర్‌బాక్సులోని చిన్న పళ్లకొక్కెం మీద బండి బరువంతా పడి ఉంటుంది. ముందు హ్యాండ్ బ్రేకు వేసి, బండి బరువు దాని మీదకు వచ్చాక ‘పి’ వేస్తే ఆ బాధ ఉండదు. అందులో తెరమీద సందేశం రాదు, బ్రేకు లైట్లూ మామూలుగానే వెలుగుతాయి.

చిత్తూరులో మా అక్కవాళ్ల కారు బటన్‌తో స్టార్టయ్యే రకం. ఇదే స్విచ్చు పోతే అందులో రాడ్డు దాకా కూడా వెళ్లనవసరం లేదు, ఇంజనే స్టార్టవదు, బ్రేకు తొక్కమని మాత్రం అడుగుతూ ఉంటుంది. ఒక్కోసారి స్విచ్చు బాగున్నా అలా అడుగుతుంది. ఇంజను ఆపి ఉన్నప్పుడు పెడలును రెండు మూడుసార్లు తొక్కితే, మన కాలికి బలం కలిపే బూస్టరులోని వాక్యూమ్ అయిపోయి పెడలు రాయిలా గట్టిపడుతుంది, స్విచ్చు కలిసేంత దూరం దిగదు. అప్పుడు బలంగా తొక్కి బటన్ నొక్కితే చాలు. నిజంగా స్విచ్చో దాని ఫ్యూజో పోయిన రోజున, అక్కవాళ్ల కారు పుస్తకంలో రాసినదాని ప్రకారం, బటన్‌ను ఒకసారి నొక్కి, ఇంజను లేకుండా కరెంటు మాత్రం వచ్చే ఏసీసీలో పెట్టి, తరువాత 10 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. కొన్ని కంపెనీల బళ్లలో ఇది 15 సెకన్లు. స్టార్టయ్యాక కూడా రాడ్డు రాదు, దానికి మళ్లీ ఆ గోరంత మూతే దిక్కు.