బోరు నీళ్లు, షవర్ ఫిల్టరు, ఒక చెంచా వెనిగర్

శ్రీకాకుళంలో నాగావళి నీళ్లతో తలంటుకుంటూ పెరిగిన నేను, విజయనగరం శివారులో బోరు తప్ప వేరే ఆధారం లేని ఇంట్లో అద్దెకు దిగిన మూడు నెలలకే నా జుట్టు కొబ్బరి పీచులా తయారైంది. ఎంత కడిగినా ఏదో పూత పూసినట్టు ఉండేది, తల దురద పెట్టేది. బకెట్ల అంచున తెల్లటి చార, హీటర్ కడ్డీ మీద సున్నపు పెచ్చు కనిపిస్తూనే ఉన్నా, నా తలకూ వాటికీ సంబంధం ఉందన్న ఆలోచన రాలేదు. ఫోనులో చెబితే అమ్మ మాత్రం వెంటనే, "నీళ్లు మారాయి కదే, ముందు ఆ సబ్బు మానెయ్" అంది.

ఆ మాటలో నిజం ఉంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని మడ్డిగా మారి వెంట్రుకకు అంటుకుంటాయి. షాంపూలోని నురుగు పదార్థాలు అలాంటి మడ్డి కట్టవు గానీ, కాల్షియం వెంట్రుక మీద చేరడం మాత్రం ఆగదు. తలకు కూడా సబ్బే రుద్దుకునే నా అలవాటు మానగానే జిగురు సగం తగ్గింది, మెరుపు మాత్రం తిరిగి రాలేదు.

అప్పుడు పద్దెనిమిది వందలు పెట్టి షవర్ ఫిల్టరు కొన్నాను. పెట్టె మీద చాలా పొరల పేర్లు ఉన్నాయి. పక్క వాటాలో ఉంటున్న, డిగ్రీ కళాశాలలో కెమిస్ట్రీ చెప్పే మాస్టారు ఫిల్టరుకు ముందు నీళ్లు, తరువాత నీళ్లు వేర్వేరు సీసాల్లో పట్టి ఇమ్మన్నారు. 50 మిల్లీలీటర్ల నీటిలో సూచిక వేస్తే ద్రాక్షరంగు ఎరుపు వచ్చింది. అందులోకి కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టి బంధించే ఈడీటీఏ ద్రావణం చుక్కచుక్కగా వదులుతుంటే రంగు నీలానికి తిరగడానికి 24 మిల్లీలీటర్లు పట్టింది. ఆ ద్రావణం లెక్కన మిల్లీలీటరుకు 20 చొప్పున కఠినత్వం, అంటే నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లెక్క, లీటరుకు 480 మిల్లీగ్రాములు. ఫిల్టరు దాటిన నీటికి 23.8 పట్టింది. తేడా లేనట్టే.

కారణం కూడా మాస్టారే చెప్పారు. అందులోని బొగ్గు, లోహపు రజను పట్టేది ప్రధానంగా క్లోరిన్‌ను, మా బోరులో క్లోరినే కలపరు. కాల్షియాన్ని నిజంగా తీయాలంటే రెజిన్ పూసలు కావాలి. లీటరు రెజిన్ సుమారు 50 గ్రాముల కఠినత్వాన్ని పట్టి, ఆపైన ఉప్పునీళ్లతో కడిగితేనే మళ్లీ పనిచేస్తుంది. ఇరవై లీటర్ల మా బకెట్‌లోనే దాదాపు పది గ్రాములున్నాయి. గుప్పెడు రెజిన్ వేసిన షవర్ గొట్టం సగం బకెట్‌కే చేతులెత్తేస్తుంది. ట్యాంకు దగ్గర పెట్టే పెద్ద సాఫ్ట్‌నర్ అయితే పనిచేస్తుంది, అయితే అద్దె ఇంట్లో దానిని పెట్టించే ఓపిక నాకు లేదు.

ఇక వెంట్రుకకు పట్టిన కాల్షియాన్ని పులుపుతో వదిలించే వెనిగర్. లీటరు బోరు నీటిలో ఒక టీచెంచా కలిపి రెండు వారాలు పోసుకున్నాను, ఏమీ తెలియలేదు. పులుపు పెరిగే కొద్దీ అంకె తగ్గే పీహెచ్ పట్టీ ముంచితే 6 పైనే చూపింది. బోరు నీటిలో కఠినత్వంతో పాటు ఉన్న బైకార్బొనేటు, నేను వేసిన పులుపును వేసినట్టే మింగేస్తోందన్నమాట. అదే చెంచా వెనిగర్ వంటింటి ఆర్‌ఓ నీటిలో కలిపితే పట్టీ 4 కంటే దిగింది. షాంపూ అయ్యాక ఆ లీటరు నీళ్లు తల మీంచి పోసి, రెండు నిమిషాలుంచి, మరో రెండు చెంబుల ఆర్‌ఓ నీటితో కడిగాను. మూడో తలంటుకి దువ్వెన చిక్కుపడకుండా దిగింది. నెలకు రెండుసార్లు ఈడీటీఏ ఉన్న షాంపూ వాడటం వల్ల పేరుకున్నది కూడా కొంత వదిలింది. వెనిగర్ నేరుగా రాయకూడదు; గోకిన చోట పలచగా ఉన్నా మండుతుంది, నేను అనుభవించాను.

దురద మాత్రం తగ్గలేదు. నెత్తి మీద జిడ్డుగా రాలే పసుపు పొట్టు చూసి చర్మ వైద్యురాలు ఇది సెబోరిక్ డెర్మటైటిస్ అనే చర్మపు వాపు అన్నారు. ఫంగస్‌ను అణిచే రెండు శాతం కెటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు ఉంచి కడగమన్నారు. నాలుగు వారాల్లో దురద పోయింది. బోరు నీళ్లు దాన్ని రేపి ఉండవచ్చు, పుట్టించింది మాత్రం అవి కావు.

ఇప్పుడు వానాకాలంలో మొదటి జల్లు వదిలేసి, డాబా గొట్టం కింద పట్టిన నీళ్లతోనే ఆఖరి రెండు చెంబులు పోసుకుంటున్నాను. ఫిల్టరు మాత్రం ఇంకా షవర్‌కే ఉంది, ఇసుక రేణువుల్ని బాగానే ఆపుతోంది.