వదిన ఫ్రిజ్‌లో పెట్టిన గిన్నె

పదకొండు దాటింది, నిద్ర పట్టడం లేదు. సాయంత్రం నుంచి ఆ గిన్నె సంగతే మనసులో తిరుగుతోంది.

బబుల్ టీ కోసం మధ్యాహ్నం కర్రపెండలం పిండితో చేసే టాపియోకా ముత్యాలు ఉడికించి, పాకంలో వేసి, మూతపెట్టి పొయ్యి పక్కనే ఉంచి కాసేపు నడుం వాల్చాను. నాలుగింటికి లేచేసరికి గిన్నె అక్కడ లేదు. "చీమలు పడతాయని ఫ్రిజ్‌లో పెట్టానమ్మా" అంది వదిన. మూత తీసి చూస్తే నల్లగా నిగనిగలాడాల్సినవి మసకబారి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను. సాగలేదు, పంటి కింద పిండిపిండిగా విరిగింది.

ఈ విషయం వదినకి ఇంతకుముందే చెప్పాను. టాపియోకా అంటే ఉత్త పిండి. ఉడికేటప్పుడు నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది, చల్లారేకొద్దీ మళ్లీ బిగుసుకుంటుంది. ఫ్రిజ్ చలిలో ఆ బిగుసుకోవడం మరీ తొందరగా జరిగిపోతుంది. అందుకే వాటిని గోరువెచ్చని పాకంలో బయటే ఉంచాలి. పాకంలోని పంచదార నీటిని పట్టి ఉంచి, గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తుంది. అలా ఉంచినా నాలుగు గంటల్లోపు వాడేయాలి. పాకం మరీ పలచనైతే ముత్యాలు ఉబ్బి మెత్తబడిపోతాయి, మరీ చిక్కనైతే లోపలి నీరు లాగేసి ముడుచుకునేలా చేస్తుంది. నేను 100 గ్రాముల బ్రౌన్ షుగర్‌కి 60 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తాను. అంత లెక్క చూసుకుని చేసింది అరగంటలో ఫ్రిజ్ పాలైతే బాధగా ఉండదా? గట్టిగానే అన్నాను. వదిన మారు మాట్లాడలేదు.

ఆవిడ అలా ఊరుకుంటే నాకు అక్క గుర్తొస్తుంది. మొదటిసారి ఇవి వండినప్పుడు చన్నీళ్లలో పోసి స్టవ్ వెలిగించాను. రెండు నిమిషాలకే నీళ్లు బురద రంగుకి తిరిగాయి. గరిటె పెడితే గుండ్రటి గింజ ఒక్కటీ తగల్లేదు, అడుగంతా జిగురు. ఈ ముత్యాలంటే కాస్త తడి చేసిన పిండిని పొరలుపొరలుగా దొర్లించి చేసినవి. మరిగే నీళ్లు తగలగానే పైపొర ఉడికి తోలులా పట్టుకుంటుంది. చన్నీళ్లలో ఆ తోలు కట్టేలోపే పిండి విడిపోతుంది. నాకివేవీ అప్పుడు తెలియవు, ఏడుపొక్కటే తక్కువ. అక్క వచ్చి గిన్నెలోకి చూసింది. ఒక్క మాటా అనకుండా వేరే గిన్నెలో లీటరు నీళ్లు పెట్టి, అవి తెర్లుతుంటే మిగిలిన 100 గ్రాములు కొంచెం కొంచెంగా జారవిడిచి, అడుగంటకుండా మెల్లగా కలిపింది. అన్నీ పైకి తేలాక గరిటె నా చేతికిచ్చి వెళ్లిపోయింది. ఆ రోజు ఆవిడ అరిచి ఉంటే మళ్లీ నేను వీటి జోలికి వెళ్లేదాన్ని కాదు.

తొమ్మిదింటికి వంటిల్లు సర్దుతుంటే ఆ గిన్నె అడుగున పదో పన్నెండో ముత్యాలు కనిపించాయి. ఫ్రిజ్‌లో బిగుసుకున్నవి వేడి తగిలితే చాలావరకు మళ్లీ మెత్తబడతాయి. మరిగే నీళ్లలో మూడు నిమిషాలు ఉంచాను. మసక పోయింది, మెరుపు వచ్చింది. కానీ నమిలితే పైన సాగుతూ, మధ్యలో సుద్దలా తగిలింది. ఒకటి కత్తితో రెండుగా కోశాను. నడిమధ్య ఆవగింజంత తెల్లటి చుక్క.

అది ఫ్రిజ్ చేసిన పని కాదు. ఫ్రిజ్ వల్ల వచ్చే గట్టిదనం గింజంతా ఒకేలా ఉంటుంది. నడుమ తెల్లచుక్క ఉందంటే అక్కడి పిండికి నీరు అందనే లేదన్నమాట. మధ్యాహ్నం 25 నిమిషాలు మరిగించాక స్టవ్ ఆపి, మూత తీయకుండా ఇంకో 25 నిమిషాలు వదిలేయాలి. లోపలిదాకా ఉడికేది ఆ సమయంలోనే. నేను పది నిమిషాలకే మూత తీసి, పైజిగురు పోయేలా చన్నీళ్లతో కడిగి పాకంలో వేసేశాను. అప్పుడే ఒకటి కోసి చూడాల్సింది. మిగతాది పాకం వేడికి ఉడుకుతుందిలే అనుకున్నాను. ఉడకదు. ఉన్న నీటిని పంచదారే పట్టి ఉంచుతుంది, మధ్యలోని పిండికి ఇక మిగలదు.

అంటే వదిన గిన్నె ముట్టుకోకపోయినా ఇవాళ్టివి బాగుండేవి కావు.

ఇంట్లో చిన్నపిల్ల మాత్రం సాయంత్రం ఆ ముత్యాలనే స్ట్రాలోంచి ఒక్కొక్కటీ లాగుతూ గ్లాసు ఖాళీ చేసింది.

వదిన గదిలో లైటు ఇంకా వెలుగుతోంది. ఇప్పుడు వెళ్లి తలుపు కొట్టడం బాగోదు. కోసిన రెండు ముక్కలూ సాసర్‌లో పెట్టి మూత వేశాను. పొద్దున కాఫీ కంటే ముందు ఆ తెల్లచుక్క ఆవిడకి చూపించాలి.